నెగటివ్, అనుమానం, మసక గీత: మూడు పరీక్షల్లో దేన్ని నమ్మాలి?

"నా వయసు 27. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. నాకు నెలసరి 28 రోజుల నుంచి 36 రోజుల మధ్య ఎప్పుడైనా వస్తుంది. చివరిసారి ఏప్రిల్ 2న వచ్చింది. మే 2 ఉదయం ఇంట్లో టెస్ట్ చేసుకుంటే నెగటివ్. మే 5న విజయవాడలో ఆఫీసు అయ్యి ఇంటికి వచ్చాక సాయంత్రం చేస్తే ఒకటే గీత, కానీ రాత్రి చెత్తబుట్టలో అదే కిట్టు చూస్తే రెండో గీత కూడా ఉంది. మే 6 ఉదయం మళ్ళీ చేస్తే రెండో గీత ఉందో లేదో అన్నంత లేతగా, గులాబీ రంగులో వచ్చింది. మా అత్తయ్య వెంటనే స్కానింగ్‌కు వెళ్దామంటున్నారు. ఏది నమ్మాలి? రక్తపరీక్ష చేయించుకుంటే ఒక్కసారిగా తేలిపోతుందా?"
— ఒక పాఠకురాలు, గుంటూరు

మే 6 ఉదయం గీతను నమ్మండి. ఆ రోజు కిట్టు ప్యాకెట్టు మీద రాసిన సమయంలోపలే చూసి ఉంటే, రంగు ఎంత లేతగా ఉన్నా అది గులాబీ రంగే అయితే, మీరు గర్భవతి అయి ఉండే అవకాశమే చాలా ఎక్కువ. దానికి ముందు చేసిన రెండు పరీక్షలు ఈ ఫలితాన్ని కాదనడం లేదు. వాటిలో ఒకటి చాలా తొందరగా చేసింది, రెండోది చదవవలసిన సమయం దాటాక చదివింది. ఈ రెండు మాటలూ విడమరచి చెబితే తరువాత ఏం చేయాలో మీకే అర్థమవుతుంది.

ఇంట్లో చేసుకునే పరీక్ష మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోను ఉందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. ఈ హార్మోను భార్యాభర్తలు కలిసిన రోజునో, అండం ఫలించిన రోజునో రక్తంలో కనిపించదు. ఫలించిన అండం ట్యూబులో నుంచి మెల్లగా గర్భసంచిలోకి వచ్చి, దాని లోపలి పొరకు అతుక్కున్న తరువాతే అది తల్లి రక్తంలోకి చేరడం మొదలవుతుంది. అండం విడుదలైన 6 రోజుల నుంచి 12 రోజుల లోపల ఈ అతుక్కోవడం జరుగుతుంది, ఎక్కువమందిలో 8 నుంచి 10 రోజులకు. మన మందుల షాపుల్లో దొరికే కిట్లలో చాలావరకు, మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల హార్మోను ఉంటే పట్టుకునేలా తయారవుతాయి. అంటే అతుక్కున్నాక కూడా హార్మోను ఆ మట్టానికి పెరగడానికి మరికొన్ని రోజులు కావాలి. "నెల తప్పిన మొదటి రోజే తెలిసిపోతుంది" అని ప్యాకెట్టు మీద ఉండే మాట, సరిగ్గా 28 రోజులకు నెలసరి వచ్చేవారికి చాలావరకు సరిపోతుంది. మీకు అది సరిపోదు, ఎందుకంటే మీకు నెల "తప్పిన రోజు" ఏదో మీరు ముందుగా చెప్పలేరు.

మీ తేదీలనే తీసుకుని లెక్క వేద్దాం. నెలసరి ఎన్ని రోజులకు వచ్చినా, అండం విడుదలకూ తరువాతి నెలసరికీ మధ్య దాదాపు 14 రోజులుంటాయి. నెల పొడవు మారేది అండం విడుదలకు ముందు సగంలోనే. ఈసారి మీది 28 రోజుల నెల అయి ఉంటే అండం ఏప్రిల్ 16 ప్రాంతంలో విడుదలై ఉండాలి. అప్పుడు మే 2 నాటికి 16 రోజులు గడిచేవి, గర్భం వచ్చి ఉంటే కిట్టులో గీత కనిపించే అవకాశం చాలా ఎక్కువగా ఉండేది. అదే 35 రోజుల నెల అయితే అండం విడుదల ఏప్రిల్ 23 ప్రాంతంలో, అతుక్కోవడం మే 1 ప్రాంతంలో జరుగుతాయి. అప్పుడు మే 2న మీ రక్తంలో హార్మోను ఒకటో రెండో మిల్లీ యూనిట్లు కూడా ఉండీ లేనట్టే. మే 4కు 9 లేక 10, మే 6కు 28, మే 8కు 70 ప్రాంతంలో ఉండవచ్చు. ఇవి మీ అంకెలు కావు, పెరిగే తీరు చూపడానికి వేసిన ఉదాహరణ మాత్రమే. కానీ మే 2న ఖాళీ, మే 6న లేత గీత అన్న మీ ఫలితాలకు ఈ రెండో లెక్కే చక్కగా సరిపోతోంది. మీ మే 2 పరీక్ష తప్పు చెప్పలేదు. ఆ రోజుకు చెప్పడానికి దానికింకా ఏమీ లేదు.

మే 5 సాయంత్రం సంగతి కొంచెం వేరు. ఆ రోజుకు హార్మోను కిట్టు పట్టుకునే అంచు దగ్గరకు వస్తూ ఉండి ఉంటుంది. అలాంటి రోజున పరీక్ష ఏ పూట చేశారన్నది చాలా ముఖ్యం. మే నెల ఎండలో విజయవాడ వెళ్లి వచ్చినవారు దారిపొడవునా నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగుతూనే ఉంటారు, తాగాలి కూడా. అయితే అలా తాగినప్పుడు మూత్రం పలచబడి, అందులోని హార్మోను కూడా పలచనై, కిట్టు పట్టుకునే మట్టాన్ని అందుకోలేకపోతుంది. రాత్రంతా నిద్రపోయి ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రంలో అది చిక్కగా ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసేవారైతే పగలు పడుకుని లేచాక వచ్చే మొదటి మూత్రాన్ని వాడుకోవచ్చు. కనీసం నాలుగు గంటలైనా మూత్రం ఆపుకుని ఉండాలన్నదే అసలు విషయం. నెల తప్పి పది పన్నెండు రోజులు దాటిన తరువాత హార్మోను వందలు, వేలల్లోకి వెళ్లిపోతుంది కనుక ఏ పూట చేసినా పెద్దగా తేడా రాదు.

ఇక చెత్తబుట్టలో కనిపించిన గీత. దీనివల్ల ఆశపడి, తరువాత ఏడ్చినవాళ్లను నా దగ్గర చాలామందిని చూశాను, అందుకే దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను. కిట్టు గుంటలో మూడు చుక్కలు వేయగానే మూత్రం లోపలి కాగితంలాంటి పట్టీ వెంట పాకుతూ పోతుంది. దారిలో అతి సూక్ష్మమైన బంగారు రేణువులకు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి. అవును, ఆ గులాబీ రంగు బంగారు రేణువులదే. మూత్రంలో హార్మోను ఉంటే అది ఆ రేణువులను పట్టుకుని, టి అని రాసిన చోట ముందే గీతగా పూసిపెట్టిన మరో యాంటీబాడీకి తగులుకుంటుంది. ఆ చోట రేణువులు పోగవడం వల్ల గులాబీ గీత వస్తుంది. హార్మోను లేకపోతే రేణువులు టి దగ్గర ఆగకుండా ముందుకు పోయి సి దగ్గర మాత్రమే గీత కడతాయి. పట్టీ ఆరిపోయే కొద్దీ, ఏ రేణువూ లేకపోయినా, టి దగ్గర పూసిన ఆ సన్నని గీత చుట్టూ ఉన్న తెలుపు నుంచి వేరుగా, బూడిద రంగులో, నీడలాగా బయటపడుతుంది. అందుకే చాలా కిట్ల మీద 5 నిమిషాలకు చూడండి, 10 నిమిషాలు దాటాక చూడవద్దు అని రాస్తారు. మే 5 రాత్రి మీరు చూసిన గీత గర్భానిదో, ఆరిపోవడం వల్ల వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. దాన్ని లెక్కలో నుంచి తీసేయండి. మే 6 ఉదయం కిట్టును కూడా ఎప్పుడు చూశారో గుర్తు తెచ్చుకోండి. పది నిమిషాల లోపల చూసి, సి గీతకు ఉన్న రంగే లేతగా టి దగ్గర ఈ చివర నుంచి ఆ చివరకు కనిపించి ఉంటే అది నిజమైన గీతే. కంటికి రంగు తెలియకపోతే కిట్టును కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద బూడిద రంగు కూడా కొన్నిసార్లు గులాబీలా అనిపిస్తుంది.

ఇప్పుడు చేయవలసింది మరుసటి పరీక్ష. మీ ఉత్తరం నా దగ్గరకు చేరి, నా జవాబు మీకు చేరేసరికి మే 6 నుంచి రెండు రోజులు ఎలాగూ దాటి ఉంటాయి, కాబట్టి ఇది చదివిన మరునాటి ఉదయమే చేయండి. మొదటి వారాల్లో హార్మోను రెండు రోజులకు ఇంచుమించు రెట్టింపు అవుతుంది, తొలి రోజుల్లో ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే రోజూ చేస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనబడక మనసు పాడవుతుంది, 48 గంటలు ఆగితే తేడా కంటికి తెలుస్తుంది. అదే కంపెనీ కిట్టు కొనండి. గడువు తేదీ చూడండి. అల్యూమినియం కవరును పరీక్షకు ముందే చింపండి, లోపలి చిన్న పొడి పొట్లం తేమ పీల్చడానికి పెట్టినది, దాన్ని పారేయండి. చుక్కలు వేశాక ఫోనులో 5 నిమిషాలకు అలారం పెట్టుకుని, అది మోగినప్పుడు ఒకసారి చూసి, కావాలంటే ఫోటో తీసుకుని, కిట్టును పారేయండి. మన ఊళ్లలో ఇంకో జాగ్రత్త అవసరం. కిట్లను 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని రాస్తారు. మే నెలలో ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో అవి గంటల తరబడి మాడితే పట్టీ మీది యాంటీబాడీలు దెబ్బతింటాయి, గీత ఉండవలసిన చోట ఉండదు. కొని నేరుగా ఇంటికి తెచ్చుకోండి. మందుల షాపుకు వెళ్లడం ఇబ్బందైతే ఆశా కార్యకర్త దగ్గర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే నిశ్చయ్ కిట్టు అడగవచ్చు.

కొత్త గీత ముదిరిందంటే సంతోషమే. కానీ గీత ముదురుదనాన్ని హార్మోను కొలతగా తీసుకోవద్దు. ఆ పూట మూత్రం పలచనా చిక్కనా అన్నది, ఆ కిట్టులో ఎంత రంగు పూశారన్నది కూడా అందులో కలుస్తాయి. గీత మాయమై తరువాత రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తే, అతుక్కున్న అండం మొదట్లోనే నిలవలేదని అర్థం. ఇది చాలామంది స్త్రీలలో జరుగుతుంది, వెంట వెంటనే పరీక్షలు చేసుకోవడం వల్లే కొందరికి తెలుస్తుంది, మిగిలినవారు నెల కాస్త ఆలస్యంగా వచ్చిందనుకుంటారు. మీరు బరువెత్తినందుకో, బస్సులో తిరిగినందుకో అలా జరగదు.

రక్తపరీక్ష గురించి అడిగారు. దాని పేరు బీటా హెచ్‌సీజీ. ల్యాబులో "ఉందా లేదా" అని చెప్పే రకం కాకుండా అంకె ఇచ్చే రకం కావాలని స్పష్టంగా అడగండి. దీనికి పరగడుపున వెళ్లవలసిన పని లేదు, ఏ సమయంలోనైనా రక్తం ఇవ్వవచ్చు, నీళ్లు తాగినంత మాత్రాన అంకె మారదు. సాధారణంగా 5 లోపల ఉంటే గర్భం లేదనీ, 25 దాటితే ఉందనీ చదువుతాం. ఆ రెండింటి మధ్య వస్తే రెండు రోజులకు మళ్లీ చూడాలి. ఇంట్లో కిట్టు పట్టుకోలేని 8, 12 లాంటి అంకెలను కూడా ఇది చెబుతుంది కాబట్టి రెండు మూడు రోజులు ముందుగా తెలుస్తుంది. అయితే ఒక్కసారికే "తేలిపోతుందా" అన్న మీ ప్రశ్నకు జవాబు మాత్రం, గర్భం ఉందా అన్నది తేలుతుంది, ఆ గర్భం సరైన చోట సరిగ్గా పెరుగుతోందా అన్నది తేలదు. పెరిగే తీరు తెలియాలంటే రెండు అంకెలు కావాలి, వాటి మధ్య 48 గంటలు కావాలి, రెండూ ఒకే ల్యాబులో చేయించాలి. గుంటూరు కొత్తపేటలో ఒకటీ, విజయవాడ సూర్యారావుపేటలో ఒకటీ చేయిస్తే రెండు యంత్రాల తేడాను మనం గర్భం తేడా అనుకునే ప్రమాదం ఉంది.

మొదటి అంకె 1500 లోపల ఉన్నప్పుడు, నిలిచే గర్భంలో 48 గంటలకు కనీసం 49 శాతం పెరుగుతుందని ఆశిస్తాం. మీకు ఒకవేళ 70 వస్తే రెండు రోజుల తరువాత 104 కన్నా ఎక్కువ ఉండాలి, చాలామందికి 140 ప్రాంతంలో వస్తుంది. ఇది ఎందుకు పనికొస్తుందో ఒక మనిషి కథ చెబుతాను. మంగళగిరి వైపు నుంచి ఒకామె నా దగ్గరకు వచ్చారు. వారం రోజులుగా ఇంట్లో నాలుగు కిట్లు చేశారు, నాలుగింట్లోనూ గీత ఒకేలా లేతగా ఉంది, లోదుస్తులకు కాఫీ రంగు మరక కొంచెం కనబడుతోంది. గీత ఉంది కదా అని ఇంట్లో వాళ్లు అప్పటికే బంధువులకు చెప్పేశారు. రక్తంలో అంకె 380 వచ్చింది. నిలిచే గర్భమైతే రెండు రోజులకు కనీసం 566 అయినా ఉండాలి, ఆమెకు 430 వచ్చింది. స్కానింగ్‌లో గర్భసంచి ఖాళీగా ఉంది. అంకె అలా పెరిగీ పెరగనట్టు ఉన్నందువల్లే వదిలిపెట్టకుండా చూస్తూ ఉండగా, కుడి ట్యూబులో గర్భం కనిపించింది. ట్యూబు పగలకముందే తెలిసింది కాబట్టి ఇంజెక్షనుతో సరిపోయింది, ఆపరేషను పడలేదు. ఇంట్లో ఐదో కిట్టు చేసి ఉన్నా అదే లేత గీత వచ్చేది.

కాబట్టి మీ స్థితిలో రక్తపరీక్ష తప్పనిసరి అని నేను అనను. మరుసటి పరీక్షలో గీత స్పష్టంగా ముదిరితే, మీకు నొప్పి, రక్తస్రావం లేకపోతే అది అవసరం లేదు. ముదరకపోతే ఆ రోజే చేయించండి. కొంతమంది మాత్రం మసక గీత రాగానే కిట్లతో కాలక్షేపం చేయకుండా నేరుగా రక్తపరీక్షకే వెళ్లాలి. ఇదివరకు ట్యూబులో గర్భం వచ్చినవారు, ట్యూబులకు ఆపరేషను జరిగినవారు, లూప్ ఉండగా నెల తప్పినవారు, వరుసగా గర్భాలు పోయినవారు, పొట్టలో ఒక పక్క నొప్పి ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. సంతానం కోసం మందులు వాడుతూ అండం విడుదల కావడానికి ఇంజెక్షను తీసుకున్నవారి సంగతి ఇంకొంచెం చిక్కు. ఆ ఇంజెక్షనులో ఉండేది చాలాసార్లు హెచ్‌సీజీయే, అది పది రోజుల నుంచి రెండు వారాల దాకా ఒంట్లో ఉండి, గర్భం లేకపోయినా కిట్టులో గీత చూపిస్తుంది. వాళ్లు డాక్టరు చెప్పిన తేదీకే పరీక్ష చేయించుకోవాలి. ఇంకొక మాట, జుట్టు ఊడకుండా ఉండటానికి బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చేటప్పుడు ల్యాబు వారికి చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని యంత్రాల్లో అంకెను ఉన్నదానికన్నా తక్కువగా చూపించవచ్చు.

మీలాగే నెలలు అటూ ఇటూ అయ్యేవారిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే పొరపాటు వేరే ఉంది. ఒక్కసారి నెగటివ్ రాగానే, "గర్భం కాదుగా" అని మందుల షాపులో నెలసరి రావడానికి మాత్రలు అడిగి వేసుకుంటారు. మీరు మే 2న అలా చేయనందుకు సంతోషం. నెగటివ్ వచ్చినా నెలసరి రాకపోతే వారం తరువాత ఉదయం మళ్లీ చేయాలి, అప్పటికీ నెగటివ్ అయి నెలసరి రాకపోతే రక్తపరీక్ష చేయించుకుని డాక్టరుకు చూపించాలి. గర్భం లేదని తేలాక, నెల ఎందుకు ఆగిందో చూడటం మరో పని.

మీ అత్తయ్యగారికి స్కానింగ్ విషయం ఇలా చెప్పండి. స్కానింగ్ వారు నెలలను చివరి నెలసరి నుంచి లెక్కపెడతారు. ఆ లెక్కన మే 7కు మీకు ఐదు వారాలు నిండుతాయి. కానీ మీ అండం ఆలస్యంగా విడుదలై ఉంటే, ఆ రోజు అసలు గర్భం నాలుగు వారాల వయసుదే. నాలుగు వారాలకు లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో కూడా గర్భపు సంచి కనిపించదు, ఐదు వారాల ప్రాంతంలో చిన్న చుక్కలా మొదలవుతుంది, బిడ్డ గుండె కొట్టుకోవడం ఆరు వారాలు దాటాక కనిపిస్తుంది. ఇప్పుడు వెళితే "ఐదు వారాలు, ఏమీ కనిపించలేదు" అన్న రిపోర్టుతో తిరిగి వస్తారు, అది చూసి ఇంటిల్లిపాది అనవసరంగా భయపడతారు. మే చివరి వారంలో వెళ్లండి. వెళ్లేటప్పుడు చివరి నెలసరి తేదీ ఒక్కటే చెప్పకుండా, నెలలు 36 రోజుల దాకా వెళ్తాయనీ, మే 2న నెగటివ్ వచ్చి మే 6న మొదటిసారి గీత కనిపించిందనీ కూడా చెప్పండి. ఆ రెండు తేదీలు వారాల లెక్క సరిదిద్దడానికి డాక్టరుకు చాలా ఉపయోగపడతాయి. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇంకా మొదలుపెట్టకపోతే ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

ఈలోగా పొత్తికడుపులో ఒక పక్క ఆగకుండా నొప్పి వచ్చినా, రక్తస్రావం నెలసరిలా అయినా, కళ్లు తిరిగి పడిపోయేలా అనిపించినా, భుజం చివర కొత్తగా నొప్పి మొదలైనా, స్కానింగ్ తేదీ కోసం గానీ మరో కిట్టు కోసం గానీ ఆగవద్దు. అది రాత్రి అయినా సరే, ప్రసూతి విభాగం ఉన్న పెద్ద ఆస్పత్రికి, గుంటూరులో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికైనా, అప్పుడే బయలుదేరండి, ఒంటరిగా వెళ్లకండి, మసక గీత వచ్చిందని లోపలికి అడుగు పెట్టగానే చెప్పండి.